అప్పగింత కాగితం: మాట ఎక్కడ తెగుతుంది, బొమ్మ ఎక్కడ జరుగుతుంది

కల్లూరులో మా పని గదిలో మూడు కంప్యూటర్లు, గట్టిగా మోగే ఒక పాత ఫ్యాను, గోడ బీరువా నిండా హార్డ్ డిస్కులు ఉంటాయి. ఆ డిస్కుల్లో ఉన్నదంతా దాదాపు ఒక్క రోజు కథే. 2009 అక్టోబరు 2. ఆనాడు తుంగభద్ర నిండుగా పారుతుంటే హంద్రీ నీళ్లకు పోను దారి లేకపోయింది. దిగువన శ్రీశైలం జలాశయంలో నీళ్లు 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి ఎక్కి వచ్చాయి. కర్నూలు పాతబస్తీ మునిగింది. మా దగ్గర ఆ రోజు గురించి రెండు రకాల సరుకు ఉంది. ఒకటి, ఈ మధ్య పెద్దవాళ్లను కూర్చోబెట్టి తీసిన పొడవాటి ముచ్చట్లు. రెండోది, అప్పట్లో మిద్దెల మీద నిలబడి జనం తమ ఫోన్లతో తీసిన చిన్నా పెద్దా వీడియోలు.

ఈ రెంటినీ కలిపే పని నాది. ‘గోడ’ అని కొడితే, గోడ పడిన సంగతి ఎవరెవరు ఏ నిమిషంలో చెప్పారో అక్షరాల్లో కనబడాలి. గోడ పడుతున్న బొమ్మ ఏ వీడియోలో ఏ క్షణంలో ఉందో పక్కనే రావాలి. మాటను అక్షరం చేసే స్క్రిప్టులు, వీడియోలోంచి బొమ్మలు ఏరి పట్టిక కట్టే స్క్రిప్టులు నేను రాశాను. ఈ నెలాఖరుకు వేరే ఊరు వెళ్లిపోతున్నాను. నా కుర్చీలోకి నంద్యాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె కోసం అప్పగింత కాగితం రాయడానికి కూర్చున్నాను. స్క్రిప్టులు ఎలా నడుస్తాయో అరపేజీలో అయిపోయింది. ఎక్కడ తప్పుతాయో రాయడానికి మాత్రం వారం పట్టింది. ఆ రెండో భాగాన్నే ఇక్కడ కాస్త విడమరిచి చెబుతాను. తెలుగు రికార్డింగులతో ఎవరు పనిచేసినా ఇవే గుంటల్లో కాలు పడుతుంది.

నడక సంగతి ముందు చెప్పేస్తాను. మొదటి స్క్రిప్టు వీడియోలోంచి ధ్వనిని విడదీసి, ఒకే చానల్‌గా, సెకనుకు 16,000 నమూనాలతో దాస్తుంది.

```
ffmpeg -i IN.mp4 -vn -ac 1 -ar 16000 OUT.wav
```

రెండోది ఆ ధ్వనిని మాటల మధ్య నిశ్శబ్దాల దగ్గర కోస్తుంది. మూడోది ఒక్కో ముక్కనూ అక్షరాలుగా మారుస్తుంది. నాలుగోది బొమ్మలు ఏరుతుంది. ఐదోది మాట సమయాన్నీ బొమ్మ సమయాన్నీ ఎదురెదురుగా పెట్టి పట్టికలో కలుపుతుంది. సాయంత్రం మొదలుపెట్టి ఇంటికి పోతే పొద్దున్నకల్లా పట్టిక తయారై ఉంటుంది. ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించి ఆగిపోతే అది మంచి రోజే. చెడ్డ రోజున ఏ తప్పూ చూపించకుండా పూర్తవుతుంది, పట్టికలో మాత్రం మాటలు ఉండవు.

కొత్తమ్మాయి వచ్చిన రెండో రోజే నన్ను పిలిచింది. “అన్నా, ఈ లైను చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం ఉంది, ఇదేంది?” అని అడిగింది. తెర మీద `�` గుర్తు ఉంది. నేను ఆ గుర్తును నెలల తరబడి చూస్తూనే ఉన్నాను. ఏదో ఫాంటు లోపం అనుకుని వదిలేశాను. “ఈ లైను దగ్గర ఆడియో పెట్టి విందాం మా” అన్నాను. పాతబస్తీ పెద్దావిడ ఒకామె ఆపకుండా చెప్పుకుపోతోంది. పిల్లలను మిద్దెకు ఎక్కించడం, బియ్యం మూట వదిలేయడం, గ్యాస్ సిలిండరు నీళ్లలో తేలిపోవడం అన్నీ ఒకే ఊపిరిలో వస్తున్నాయి. తెర మీద మాత్రం బియ్యం మూట సగంలో వాక్యం ఆగి, చివర ఆ వజ్రం ఉంది. తర్వాతి లైను వేరే సంగతితో మొదలైంది. మధ్యలో 19 సెకన్ల మాట ఏ లైనులోనూ లేదు.

అది ఎందుకు పోయిందో అర్థం కావాలంటే, మేము వాడే యంత్రం లోపలికి కొంచెం వెళ్లాలి. దాని పేరు విస్పర్. ఓపెన్‌ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో దీన్ని అందరికీ విడుదల చేసింది. 6 లక్షల 80 వేల గంటల ధ్వనితో దానికి శిక్షణ ఇచ్చారు. అందులో తెలుగు మాటకు తెలుగు అక్షరం జతగా ఉన్నది నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. పక్కనున్న తమిళానికి 136 గంటలు దొరికాయి. అందుకని మేము మూల రూపాన్ని కాక, తెలుగు రికార్డింగులతో మళ్లీ శిక్షణ ఇచ్చిన ఒక రూపాన్ని వాడుతున్నాం. శిక్షణ మారినా లోపలి కట్టడం మాత్రం అదే.

ఆ కట్టడం ధ్వనిని ఎప్పుడూ 30 సెకన్ల కిటికీలోంచే చూస్తుంది. ముందు ఆ 30 సెకన్లను 3,000 సన్నటి నిలువు పట్టీలుగా మారుస్తుంది. ఒక్కో పట్టీ సెకనులో వందో వంతు. ప్రతి పట్టీలోనూ కింది స్వరం నుంచి పై స్వరం దాకా 80 మెట్ల మీద ఎంత బలం ఉందో రాసుకుంటుంది. అంటే అది మాటను వినదు, మాట గీసిన బొమ్మను చూస్తుంది. ఆ బొమ్మ చూసుకుంటూ అక్షరాలను ఒక్కో తునకగా బయటికి రాస్తుంది. ఈ తునకలను టోకెన్లు అంటారు. ఒక కిటికీకి అది రాయగలిగిన టోకెన్లు 224. మొత్తం చోటు 448 అయినా, అందులో సగం వెనకటి వాక్యాలను గుర్తుపెట్టుకోవడానికి పోతుంది.

ఇంగ్లిష్‌కు 224 టోకెన్లు పుష్కలం. చాలా మాటలకు ఒకటో రెండో టోకెన్లు సరిపోతాయి, మామూలు వేగంతో మాట్లాడితే 30 సెకన్లలో వంద మాటలు దాటవు. తెలుగుకు అలా కాదు. ‘కర్నూలు’ అనే మాట చూడడానికి మూడక్షరాలు. కంప్యూటరుకు అది క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం అని ఏడు సంకేతాలు. తెలుగు సంకేతం ప్రతిదీ దాచుకోవడానికి మూడు బైట్లు తీసుకుంటుంది. అంటే ఈ చిన్న మాట 21 బైట్లు. విస్పర్ టోకెన్లు బైట్ల మీదే కట్టినవి. తరచుగా కనబడ్డ బైట్ల గుంపు ఒక టోకెన్ అవుతుంది, అరుదైనది తునకలుగానే మిగిలిపోతుంది. తెలుగు శిక్షణలో అరుదు కాబట్టి, ఒక్కో సంకేతానికే ఒకటి నుంచి మూడు దాకా టోకెన్లు ఖర్చవుతాయి. మీ దగ్గర లెక్క చూసుకోవాలంటే ఇది చాలు.

```python
from whisper.tokenizer import get_tokenizer
t = get_tokenizer(multilingual=True)
print(len(t.encode("కర్నూలు")))
```

లెక్క కోసం సంకేతానికి సగటున రెండు టోకెన్లు అనుకుందాం. మన పెద్దావిడ సెకనుకు రెండు మాటలు చెబుతోంది. మాటకు ఏడు సంకేతాలు, ఒక ఖాళీ. అంటే సెకనుకు 16 సంకేతాలు, 32 టోకెన్లు. 224ను 32తో భాగిస్తే ఏడు సెకన్లు. కిటికీ 30 సెకన్లది. ఖర్చు పెట్టుకోవడానికి ఉన్న డబ్బు ఏడు సెకన్లకే సరి! టోకెన్లు అయిపోగానే యంత్రం ఎక్కడ ఉంటే అక్కడ కలం కింద పెడుతుంది. ఒక్కోసారి ఒక సంకేతంలోని మూడు బైట్లలో ఒకటో రెండో మాత్రమే రాసి ఉంటుంది. అసంపూర్తి సంకేతాన్ని ఏ అక్షరంగానూ చూపలేక, కంప్యూటరు ఆ చోట నల్ల వజ్రాన్ని పెడుతుంది. నేను ఫాంటు లోపం అనుకున్నది నిజానికి మాట తెగిన చోటు. సగం కోసిన అక్షరం అది.

పోయిన ఆ 19 సెకన్లు మళ్లీ ఎందుకు చదవలేదన్నది తర్వాతి ప్రశ్న. విస్పర్ రాస్తూ రాస్తూ మధ్యలో సమయం గుర్తులు కూడా పెడుతుంది. ఒక వాక్యం ముగిసి ఇంకొకటి మొదలైన చోట రెండు గుర్తులు పక్కపక్కన పడతాయి. ఆ జంట కనబడితే స్క్రిప్టు కిటికీని అక్కడికే జరిపి, మిగిలినదాన్ని మళ్లీ చదివిస్తుంది. జంట కనబడకపోతే కిటికీ మొత్తం అయిపోయినట్టే లెక్కేసి 30 సెకన్లు ముందుకు దూకుతుంది. పెద్దావిడ ఆపకుండా మాట్లాడింది కాబట్టి జంట పడే చోటే లేదు. పైగా తెలుగు కోసం మళ్లీ శిక్షణ ఇచ్చేటప్పుడు మామూలుగా విడి విడి చిన్న వాక్యాలే వాడతారు, వాటిలో సమయం గుర్తులుండవు. అలా శిక్షణ పొందిన రూపం గుర్తులు పెట్టే అలవాటే మరిచిపోవచ్చు. ఆగి ఆగి మాట్లాడేవాళ్ల కథలు మా పట్టికలో నిండుగా ఉండి, గుండె కదిలి గబగబా చెప్పినవాళ్ల కథలు సగం సగం ఉండడానికి కారణం ఇదే. ఈ పనిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

అందుకని ఇప్పుడు రెండో స్క్రిప్టు ఏ ముక్కనూ ఏడు సెకన్లు దాటనివ్వదు. నిశ్శబ్దం దొరికితే అక్కడ కోస్తుంది, దొరక్కపోతే ఏడో సెకను దగ్గర కోసి, తర్వాతి ముక్కను ఒక సెకను వెనక నుంచి మొదలుపెడుతుంది. దీనికీ ఒక ధర ఉంది. చిన్న ముక్కలో ముందూ వెనకా సందర్భం ఉండదు కాబట్టి యంత్రం మాటలను కొంచెం ఎక్కువ తప్పుగా పోల్చుకుంటుంది. తప్పుగా రాసిన మాటను మనిషి చూసి దిద్దగలడు. రాయనే రాయని మాట ఉందని ఎవరికీ తెలియదు. ఈ రెంటిలో నేను మొదటిదాన్ని ఎంచుకున్నాను. మూడో స్క్రిప్టు చివర ఈ రెండు లైన్లు ఉంటాయి. వీటిని ఎప్పుడూ తీసేయవద్దని కాగితంలో గీత గీసి రాశాను.

```python
bad = text.count("\ufffd")
cps = len(text) / (end - start)
```

మొదటిది వజ్రాలను లెక్కపెడుతుంది. రెండోది సెకనుకు ఎన్ని సంకేతాలు వచ్చాయో చెబుతుంది. మనిషి మాట్లాడుతున్నట్టు చెవికి వినబడుతున్నా లెక్క ఆరుకన్నా తక్కువ వస్తే, అక్కడ మాట పోయిందనే అనుమానించాలి.

నిశ్శబ్దం దగ్గర కోయడం అన్నంత తేలిక కాదు. మొదట్లో శబ్దం −30 డెసిబెల్‌కు కిందికి అర సెకను పాటు పడితే నిశ్శబ్దం అని పెట్టాను. ఏప్రిల్ దాకా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక తీసిన రికార్డింగుల్లో ఒక్క నిశ్శబ్దం కూడా దొరకలేదు. ఆ నెలల్లో ఫ్యాను ఆపమని కర్నూలులో ఏ ఇంట్లోనూ అడగలేం కదా. ఫ్యాను హోరే −30 కన్నా పైన ఉంటే, మనిషి మౌనంగా ఉన్నా యంత్రానికి మౌనం కనబడదు. ఇప్పుడు ఒక్కో ఫైలుకూ దాని గీత దానికే. ఫైలులో అన్నిటికన్నా నెమ్మదిగా ఉన్న పదో వంతు భాగం ఎంత శబ్దంతో ఉందో కొలిచి, దానికి ఆరు డెసిబెల్ పైన గీత గీస్తాను. ఫ్యాను 200 హెర్ట్‌జ్ కింద చేసే హోరును కోత పెట్టేముందు వడగట్టేస్తాను. కోత కోసమే ఈ వడపోత. అక్షరం చేయడానికి మాత్రం అసలు ధ్వనినే ఇవ్వాలి.

బైట్ల గొడవ ఇంకో చోట కూడా తల ఎత్తింది, అది ఎవరికీ తట్టని చోటు. విస్పర్‌కు ఒక జబ్బుంది. నిశ్శబ్దంలోనో గోలలోనో చెప్పిన మాటనే పది సార్లు రాసుకుంటూ పోతుంది. దీన్ని పట్టుకోవడానికి దాని వెంట ఒక పరీక్ష వచ్చింది. రాసిన పాఠాన్ని జిప్ చేసినట్టు కుదించి చూస్తుంది. అసలు పొడవు కుదించిన పొడవుకు 2.4 రెట్లు దాటితే, ఇంతగా కుదిరిందంటే చెప్పిందే చెబుతున్నట్టే అని తీర్మానించి, ఆ ముక్కను మళ్లీ రాయిస్తుంది. రెండోసారి కొంచెం పాచికలు వేసినట్టు రాయిస్తుంది. అందుకే రెండో పాఠంలో లేని మాటలు చేరే అవకాశం పెరుగుతుంది. పరీక్ష తెలివైనదే, ఇంగ్లిష్‌కు బాగా పనిచేస్తుంది. తెలుగులో ప్రతి సంకేతం మూడు బైట్లలో మొదటి రెండూ దాదాపు ఎప్పుడూ ఒకటే జత, లేదంటే దాని పక్క జత. మూడో బైటు మాత్రమే నిజంగా మారుతుంది. కాబట్టి తప్పేమీ లేని తెలుగు పాఠం కూడా ఇంగ్లిష్ కన్నా చాలా ఎక్కువగా కుదురుతుంది. ఇక మన ముచ్చట్లలో ‘నీళ్లు వచ్చినాయి, వచ్చినాయి, వచ్చినాయి’ అని భయంతో చెప్పడం సహజం. అలాంటి నిజమైన మాటను పరీక్ష దొంగమాట అని పట్టుకుని తిప్పి రాయిస్తుంది. దాన్ని నేను ఆపేశాను. దాని బదులు, ఒకే మాటల గుంపు వరుసగా నాలుగు సార్లకన్నా ఎక్కువ వస్తే ఆ లైనును మనిషి వినాలి అని గుర్తు పెడతాను. వినడానికి సమయం పడుతుంది. అన్ని సార్లూ నిజంగా మనిషే అన్నదా, యంత్రం అన్నదా అన్నది చెవికే తెలుస్తుంది.

పేర్ల దగ్గర ఒక్క ఉదాహరణ చాలు. మా వైపు చాలామంది ‘హంద్రీ’ని ‘అంద్రి’ అంటారు. యంత్రం శిక్షణలో ‘ఆంధ్ర’ లెక్కలేనన్ని సార్లు చూసి ఉంటుంది, ‘హంద్రీ’ని చూసిందో లేదో. అందుకే ‘అంద్రి పొంగింది’ అని పెద్దాయన చెబితే తెర మీద ‘ఆంధ్ర పొంగింది’ అని పడుతుంది. చదివితే వాక్యం బాగానే ఉన్నట్టుంటుంది, అదే ప్రమాదం. పేర్ల జాబితాను ముందుగా యంత్రానికి చూపించే వీలుంది, కానీ ఆ జాబితా కూడా టోకెన్లు తింటుంది, ఒక్కోసారి ఎవరూ అనని పేర్లను పాఠంలోకి తెచ్చి పెడుతుంది. నేను పాఠాన్ని ముట్టుకోలేదు. వెతుకులాట వైపే మార్చాను. ‘హంద్రీ’ అని వెతికితే ‘అంద్రి’, ‘ఆంధ్ర’ కూడా చూపిస్తుంది. ఎక్కువ చూపించడం వల్ల నష్టం తక్కువ. ‘యాడికి’, ‘గుడక’ లాంటి మాటలను యంత్రం పుస్తకాల తెలుగులోకి మార్చేస్తే వాటిని తిరిగి తేవడానికి నా దగ్గర స్క్రిప్టు లేదు, కూర్చుని దిద్దాల్సిందే.

టోకెన్ల పరిమితి లేని మార్గం కూడా ఉంది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం ఇండిక్‌కన్‌ఫార్మర్ పేరుతో 22 భారతీయ భాషలకు నమూనాలు విడుదల చేసింది. ఆ తరహా నమూనా ధ్వని పట్టీల వెంట నడుస్తూ ఎక్కడి అక్షరాన్ని అక్కడ రాస్తుంది. అందుకే నిశ్శబ్దంలో కథలు అల్లడం దానికి అంత తేలిక కాదు. కొత్తమ్మాయి ముందుగా చేయాల్సిన ప్రయోగం అదే అని కాగితంలో రాశాను. చేసేటప్పుడు మామూలు మంచి రికార్డింగు ఇచ్చి చూడవద్దు. ఆ పెద్దావిడ 30 సెకన్లే ఇచ్చి చూడాలి.

2009 నాటి ఫోను వీడియోల సంగతి వేరు. వాటిలో చాలా భాగం 3జీపీ ఫైళ్లు. ధ్వనిని ఏఎంఆర్ అనే పద్ధతిలో, సెకనుకు 8,000 నమూనాలతో దాచాయి. ఆ కొద్ది నమూనాల్లో 4,000 హెర్ట్‌జ్ పైనున్న స్వరం ఏదీ ఇమడదు. మన మొదటి స్క్రిప్టు దాన్ని 16,000కు మార్చినా, లేనిది పుట్టుకురాదు. యంత్రం చూసే 80 మెట్లలో పై మెట్లు దాదాపు ఐదో వంతు నల్లగా ఖాళీగా ఉంటాయి. ‘స’ అనే ధ్వనికి ప్రాణమంతా ఆ పై మెట్లలోనే ఉంటుంది. అందుకే పాత ఫోన్లలో ‘స’ కాస్తా ‘ఫ’లాగానో, ఉత్త గాలిలాగానో మిగులుతుంది. దీనికి మందు లేదు. ఫైలు అసలు నమూనాల సంఖ్య చూసి, పట్టికలో ఆ వరుసకు ‘ఫోను ధ్వని’ అని చీటీ అంటించడమే నేను చేసింది.

ఇక బొమ్మలు. వీడియోలో ప్రతి బొమ్మనూ దాచుకుంటే డిస్కులు చాలవు, చూసేవాళ్ల కళ్లూ చాలవు. అందరూ చేసేదే నేనూ మొదట చేశాను. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దృశ్యం మారిందా లేదా అని సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేసే సదుపాయం ఉంది. 0.3 దాటిన చోట బొమ్మ తీయమన్నాను. సినిమాలకూ వార్తలకూ ఇది చక్కగా కుదురుతుంది, అక్కడ కెమెరా టక్కున మారుతుంది. మిద్దె మీద నిలబడిన మనిషి ఫోను పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతాడు. కొండారెడ్డి బురుజు వైపు నుంచి మొదలుపెట్టి ఇంటి గుమ్మం దాకా వచ్చినా, పక్కపక్క బొమ్మల మధ్య తేడా తక్కువే. ఆ మార్కు బొమ్మ ఎంత మారిందో ఒక్కటే చూడదు. ఆ మార్పుకూ ముందు బొమ్మ నాటి మార్పుకూ ఎంత తేడా ఉందో కూడా చూసి, రెంటిలో చిన్నదాన్ని తీసుకుంటుంది. ఒకే వేగంతో జరిగే కదలికకు అందుకే మార్కు పడదు. పన్నెండు నిమిషాల వరద వీడియోకు మా పట్టికలో సున్నా బొమ్మలు వచ్చాయి. ఇప్పుడు దృశ్యం మారినా మారకపోయినా పది సెకన్లకొకసారి ఒక బొమ్మ తీస్తున్నాం.

```
ffmpeg -i CLIP.3gp -vf "select='isnan(prev_selected_t)+gte(t-prev_selected_t,10)+gt(scene,0.3)',showinfo" -vsync vfr f_%05d.jpg 2> show.log
```

ఇలా తీస్తే ఒకే చోటి బొమ్మలు కుప్పపడతాయి. వాటిని ఏరేయడానికి ప్రతి బొమ్మకూ ఒక వేలిముద్ర లాంటిది తీస్తాను. బొమ్మను తొమ్మిది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తుకు కుదించి, నలుపు తెలుపు చేసి, ప్రతి గడినీ కుడిపక్క గడితో పోల్చి ఎక్కువా తక్కువా అని రాసుకుంటే 64 జవాబులు వస్తాయి. రెండు బొమ్మల జవాబుల్లో పదికన్నా తక్కువ తేడా ఉంటే అవి ఒకటే అని ఒకదాన్ని తీసేస్తాను. వరద బొమ్మల మీద ఈ పద్ధతి బోల్తా పడింది. ఫ్రేములో కింది సగం ఒకే రంగు బురద నీళ్లు. అక్కడ పక్కపక్క గడుల మధ్య నిజమైన తేడా లేదు, ఉన్నది పాత కెమెరా గింజగింజల గోల మాత్రమే. ఆ సగంలోని 32 జవాబులు నాణెం ఎగరేసి చెప్పినట్టే. నాణేలు ఎగరేస్తే ఇంచుమించు సగం తేడా వస్తుంది, అంటే 16. మనం పెట్టిన గీత పది. కాబట్టి కదలకుండా నిలబడి తీసిన ఒకే వీధి బొమ్మలు కూడా వేరు వేరని తేలాయి. ఇప్పుడు రెండు గడుల మధ్య తేడా చెప్పుకోదగ్గంత ఉన్న జవాబులనే లెక్కలోకి తీసుకుంటాను. అలాంటివి 24కన్నా తక్కువ ఉంటే బొమ్మను తీసేయకుండా ఉంచేస్తాను. నీళ్లు తప్ప ఇంకేమీ లేని బొమ్మలు పట్టికలో కొన్ని ఎక్కువే ఉంటాయి. వాటిని చూసి విసుక్కోవద్దని కూడా రాశాను.

చివరి తప్పు చిన్నదిగా కనబడుతుంది, పట్టికకు మాత్రం అదే అన్నిటికన్నా చేటు చేసింది. బొమ్మ ఏ సమయానిది అని తెలుసుకోవడానికి మొదట్లో ఫ్రేము అంకెను సెకనుకు ఎన్ని ఫ్రేములో దానితో భాగించేవాణ్ని. పన్నెండు నిమిషాల ఆ వీడియోనే తీసుకుందాం. అందులో ఒకచోట ప్రహరీ గోడ కూలుతుంది. పట్టికలో గోడ కూలే బొమ్మ పక్కన వచ్చిన మాటలేమో పాల ప్యాకెట్ల గురించి. వీడియో తెరిచి చూస్తే గోడ సరిగ్గా తొమ్మిదో నిమిషంలో కూలుతోంది, జనం కేకలూ అప్పుడే ఉన్నాయి. పట్టిక మాత్రం ఏడున్నర నిమిషం అంటోంది. కారణం ఈ లైనులో దొరికింది.

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=r_frame_rate,avg_frame_rate CLIP.3gp
```

మొదటి అంకె `15/1`, రెండోది `25/2`. ఫైలు పేరుకు సెకనుకు 15 ఫ్రేములు. నిజంగా ఉన్నది సగటున పన్నెండున్నర. వాన మబ్బులో వెలుతురు చాలక, ఫోను ఒక్కో బొమ్మకూ ఎక్కువ సేపు కన్ను తెరిచి ఉంచింది, ఆ మేరకు ఫ్రేములు తగ్గాయి. తొమ్మిది నిమిషాలంటే 540 సెకన్లు, అప్పటికి 6,750 ఫ్రేములు. దాన్ని 15తో భాగిస్తే 450 సెకన్లు, ఏడున్నర నిమిషాలు. ధ్వనికి ఈ జబ్బు లేదు, దాని గడియారం సరిగానే నడుస్తుంది. అందుకే మాటా బొమ్మా మెల్లమెల్లగా విడిపోతూ వచ్చి, వీడియో చివరికల్లా రెండు నిమిషాల దూరం పడ్డాయి. నిజానికి ప్రతి ఫ్రేము మీదా అది ఏ క్షణానిదో ఫైలులోనే రాసి ఉంటుంది. బొమ్మలు తీసే ఆదేశంలోని `showinfo` దాన్ని `pts_time` అనే పేరుతో బయటికి చెబుతుంది. ఇప్పుడు ఐదో స్క్రిప్టు దాన్నే చదువుతుంది. ఎక్కడా భాగహారం లేదు. ఎవరైనా స్క్రిప్టును వేగంగా చేద్దామని మళ్లీ భాగహారం పెడితే, కొత్త ఫోన్లతో పట్టపగలు తీసిన వీడియోల్లో తేడా అంతగా బయటపడదు. మబ్బు పట్టిన రోజు వీడియోల్లోనే పడుతుంది. మా దగ్గరున్నవి ఎక్కువగా అవే. అందుకే సరిచూడడానికి ఆ గోడ వీడియోనే బీరువాలో మొదటి డిస్కులో ఉంచాను. స్క్రిప్టులో ఏ మార్పు చేసినా ముందు దాన్ని నడపాలి. గోడ 9:00 దగ్గర పడాలి.

కాగితం ఇక్కడితో అయిపోవాల్సింది. నిన్న సాయంత్రం ఇద్దరం ఫోను వీడియోల చివరి డిస్కు చూశాం. ఒక వీడియోలో నీళ్ల హోరు మధ్య ఎవరో ఎవరినో పేరు పెట్టి మూడు సార్లు పిలుస్తారు. యంత్రం ఆ చోట ఏమీ రాయలేదు. నేను హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను, ‘సీనా’ అని వినబడింది. కొత్తమ్మాయి విని తల అడ్డంగా ఊపింది. “లేదన్నా, ‘హీనా’ అంటున్నారు” అంది. ఫోను ధ్వనిలో ‘స’ ఉండాల్సిన చోట గాలి ఒక్కటే ఉంది, అది ఎటైనా కావచ్చు. పాతబస్తీలో రెండు పేర్లూ ఉంటాయి. పట్టికలో ఆ వరుసలో రెండూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, విన్నవాళ్లు ఇద్దరు అని చేర్చాం.